షిఫ్టు క్యాలెండర్ మీద లెక్కల పరీక్ష

నా నోరు మంచిది కాదు. ఈ మాట మా ఆయన అన్నప్పుడు ఒప్పుకోను కానీ, మీకు చెప్పడానికి నాకేం మొహమాటం లేదు. గోదావరిఖనిలో ఒక సర్కారు బడిలో పదిహేడేళ్లుగా పదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. పేరు సంధ్యారాణి. పిల్లలు నా చాటున పెట్టుకున్న పేరు సైరన్. నేను వరండా ఆ చివర అడుగుపెడితే ఈ చివర పిల్లలు పుస్తకాలు తెరుస్తారు. ఆ పేరు వింటే నాకు లోలోపల గర్వంగానే ఉండేది.

అంతకంటే గర్వం నా టైంటేబుల్ మీద. ప్రతి ఏడూ దసరా సెలవులు అవగానే పదో తరగతి వాళ్లందరికీ ఒక కాగితం పంచేదాన్ని. తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి, ఆరు దాకా లెక్కలు చెయ్యాలి, ఏడింటికి బళ్లో స్పెషల్ క్లాసు, సాయంత్రం ఏడు నుంచి రాత్రి పదిన్నర దాకా మిగతా సబ్జెక్టులు. లెక్కల్లో మొదటి పాఠం వాస్తవ సంఖ్యలతో మొదలుపెట్టి పద్నాలుగో పాఠం దాకా వరసగా రావాలి. నేను పెద్దపల్లిలో ఇలాగే చదివాను. ఇలాగే పాసయ్యాను. ఇంకెవరికైనా ఇంకోలా ఎందుకుంటుంది, మీరే చెప్పండి?

ఆ ఏడు ప్రీ ఫైనల్ పేపర్లు దిద్దుతుంటే యమున పేపరు వచ్చింది. ఎనభైకి పదమూడు. మూడుసార్లు కూడి చూశాను. ఎన్నిసార్లు కూడినా పదమూడే. పాస్ కావాలంటే ఇరవై ఎనిమిది రావాలి. ఏడాదంతా బడికి రాని వాళ్లకు పదమూడు వస్తే నేను పట్టించుకోను, అది వాళ్ల ఖర్మ. కానీ యమున మొదటి బెంచీ పిల్ల. ఇచ్చిన హోంవర్కు ఒక్కరోజు ఎగ్గొట్టింది లేదు. నా టైంటేబుల్‌ను అక్షరం పొల్లుపోకుండా పాటించేది ఎవరని అడిగితే క్లాసంతా ఆ పిల్ల వైపే చూసేది.

క్లాసులో పేపర్లు పంచుతూ ఆమె దగ్గరికొచ్చేసరికి నాకు ఒళ్లు మండింది.

"ఏంది యమునా ఇది? పదమూడా? అద్దుమ రాత్రి దాక సదువుతున్న అంటివి గదా!"

తల వంచుకుంది. "నిద్రొచ్చింది టీచర్," అంది.

క్లాసంతా గొల్లుమంది.

"పరీక్షల నిద్రొస్తదా? నిద్రొస్తె ఇంట్ల పండుకో, బడికెందుకొచ్చినవ్?" అన్నాను.

ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం సరిగ్గానే అన్నాననుకున్నాను.

మర్నాడు వాళ్లమ్మ శోభ బడికి వచ్చింది. లక్ష్మీనగర్‌లో ఒక బట్టల దుకాణంలో చీరలు చూపిస్తుందామె. పొద్దంతా నిలబడే పని కాబట్టి కాళ్లకు పట్టీలు చుట్టుకుని ఉంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"టీచర్, ఒక్క ముచ్చట సాఫ్ చెప్పుండ్రి. మా బిడ్డ పాసయితదా, కాదా?"

"ఇంక నెల రోజులున్నది శోభక్కా. ఫికర్ చెయ్యకు. ఒకవేళ తప్పినా సప్లిమెంటరీ ఉంటది."

ఆమె నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"మా ఓనరు ఒక పిల్ల కావాలంటున్నడు. పాసయితె సదువుతది, నాకేం కోపమా? తప్పితె మాత్రం రిజల్టు రాంగనె దుకాణంల నిలవడుతది. సప్లిమెంటరీ అని మల్ల చెప్పకుండ్రి టీచర్. నేను గూడ లెక్కలల్ల తప్పి, సప్లిమెంటరీ రాస్త, అప్పటిదాంక ఖాళీగెందుకని దుకాణంల చేరిన. పందొమ్మిదేండ్లయింది."

 ఆమె పనికి ఆలస్యమవుతుందని చెప్పి వెళ్లిపోయింది. లెక్కల పరీక్ష మార్చి ఇరవై ఎనిమిదిన. ఆ రోజు ఫిబ్రవరి ఇరవై ఆరు.

ఇంత జరిగాక పిల్ల ఎలా ఉండాలి? రాత్రింబవళ్లు కూర్చోవాలి కదా! యమున ఏం చేసిందో తెలుసా? శుక్రవారం, శనివారం పొద్దున ఏడింటి స్పెషల్ క్లాసుకు రావడమే మానేసింది. నేరుగా బడి టైముకు వచ్చింది. అడిగితే నేల చూపులు చూసింది. ఆదివారం పొద్దున పదింటికి నేనే స్కూటీ తీసి వాళ్లింటికి బయలుదేరాను. దారి పొడవునా తిట్లు వరసలో పేర్చుకుంటూ వెళ్లాను. 

రేకుల ఇల్లు. ఒక గది, దాని ముందు వంటకు కొంచెం జాగా, బయట చిన్న అరుగు. అరుగు మీద ఒక ముసలాయన కూర్చుని బీరకాయలు చెక్కుతున్నాడు. యమున తాత మొగిలి. మూడు పదుల ఏళ్లు బాయి దిగి, అంటే గనిలోకి దిగి, బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టిన మనిషి. 

"యమునా!" అని నా గొంతుతో పిలిచానో లేదో, ఆయన కత్తి కింద పడేసి రెండు చేతులూ ఎత్తాడు.

"ష్... టీచరమ్మా, నీకు దండం పెడత, జర మెల్లగ. మావోడు నైటు డ్యూటీ దిగచ్చి ఇప్పుడే పండుకున్నడు."

తలుపు సందులోంచి చూశాను. యమున వాళ్ల నాన్న రాజం చాప మీద, ముఖం మీద తువ్వాలు కప్పుకుని పడుకున్నాడు. ఓపెన్‌కాస్ట్ గనిలో దుమ్ము లేవకుండా నీళ్లు చల్లే ట్యాంకరు నడుపుతాడు, కాంట్రాక్టరు దగ్గర. ఆయన పక్కనే గోడకు ఆనుకుని యమున కూర్చుని ఉంది. పెదాలు కదులుతున్నాయి, చప్పుడు లేదు. సూత్రాలు బట్టీ పడుతోంది. గోడ మీద నా టైంటేబుల్ నాలుగు మూలలా అంటించి ఉంది. దాని పక్కన క్యాలెండర్. క్యాలెండర్‌లో ప్రతి వారం మీదా శోభ పెన్నుతో గీత గీసి, ఒకటి అనో రెండు అనో నైటు అనో రాసి పెట్టుకుంది. రాజం ఏ వారం ఏ షిఫ్టుకు పోవాలో అది.

పదిహేడేళ్ల సర్వీసులో మొదటిసారి గుసగుసగా తిట్టాల్సి వచ్చింది. మీరూ ప్రయత్నించి చూడండి, గుసగుసలో కోపం నిలవదు.

"స్పెషల్ క్లాసుకు ఎందుకు రాలె?"

"తాత వద్దన్నడు టీచర్. పండుకోమన్నడు."

అంటే ఇంటి పెద్దే చెడగొడుతున్నాడన్నమాట! నేను ఆయన వైపు తిరిగాను. ఆయన మాత్రం బెదరలేదు. లోపలికి చెయ్యి చూపించి, "టీచరమ్మా, గా కాయితం ఎవలింటిది?" అన్నాడు.

"ఎవలింటిదేంది కాకా? అది నేనిచ్చిన టైంటేబుల్. అందరికి ఇచ్చిన."

"గందుకే అడుగుతున్న. మా ఇంటిది మాత్రం కాదు. మా రాజం రెండో షిఫ్టయితే ఇంటికచ్చేసరికి రాత్రి పదకొండున్నర. లైటెయ్యాలె, బువ్వ పెట్టాలె, ఆడు తినాలె. ఉన్నది ఒక్కటే అర్ర. పోరి కండ్లు మూసేసరికి పన్నెండున్నర. నాలుగింటికి లేస్తది. ప్రీ ఫైనల్ అప్పుడు వారమంత రెండో షిఫ్టే. పిల్ల పరీక్షల నిద్రపోదా? నిద్రపోకుంటె దవాఖానకు తీస్కపోవాలె."

ఆ వారం క్యాలెండర్‌లో చూశాను. పెద్ద అక్షరంతో రెండు అని ఉంది.

పెద్దపల్లిలో మా ఇంట్లో రాత్రి తొమ్మిదింటికి దీపాలన్నీ ఆరిపోయేవి. మా నాన్నకు షిఫ్టు అనే మాటే తెలియదు. ఆ ఇంటి టైంటేబుల్‌ను తెచ్చి గోదావరిఖనిలో ఇంటింటికీ పంచుతున్నాను, పదిహేడేళ్లుగా. ఇది అప్పటికప్పుడు ఒప్పుకున్నాననుకోకండి. నా మొండితనం అంత తేలిక కాదు. "సరే, నిద్ర సంగతి పక్కన పెట్టు. పాఠాలెందుకు రావు?" అని యమున నోటుబుక్కు లాక్కున్నాను.

పేజీలు తిప్పుతుంటే తల తిరిగింది. వాస్తవ సంఖ్యలు, సమితులు. మళ్లీ వాస్తవ సంఖ్యలు, సమితులు, కొంచెం బహుపదులు. మళ్లీ వాస్తవ సంఖ్యలు. లెక్కపెడితే తొమ్మిదిసార్లు. త్రికోణమితి అన్న మాటే ఆ పుస్తకంలో లేదు.

"ఇదేంది?"

"నాన్న షిఫ్టు మారినప్పుడల్ల రెండు మూడు దినాలు తప్పిపోతయ్ టీచర్. తప్పితె మల్ల మొదటి పాఠం నుంచి మొదలువెడుత. కాయితంల వరసగ రావాలె అని ఉన్నది గదా."

చూశారా? మాట వినని పిల్ల అయితే బతికిపోయేది. మాట విని మునిగింది. ఆరు నెలలు సాము చేసి మూలనున్న ముసలమ్మను కొట్టినట్టు, నెలల తరబడి కష్టపడి వచ్చిన పాఠాలనే తొమ్మిదిసార్లు కొట్టింది.

మొగిలి కాక బీరకాయలు పక్కకు జరిపి నాకు చోటిచ్చాడు. "నాకు సదువు రాదు టీచరమ్మా. బాయిల పని చెప్పుత, నీకు పనికస్తె తీస్కో. షిఫ్టు మొదలుగాంగనె బొగ్గు మీద చెయ్యి వెయ్యం. ముందుగాల కర్ర తీస్కొని కప్పును కొట్టి సూస్తం. గట్టిగున్న కాడ ఖంగుమంటది. వదులున్న కాడ డొల్ల సప్పుడు అస్తది. గట్టిగున్న కాడ దుంగ వెడితె ఏం ఫాయిదా? డొల్ల సప్పుడు యాడ అచ్చిందో గాడ వెట్టాలె. మా పోరి గట్టిగున్న కాడనే తొమ్మిది దుంగలు వెట్టింది."

 నేను సంచిలోంచి పాఠ్యపుస్తకం తీశాను. "యమునా, పుస్తకాలు మూసి బయటికి రా."

పద్నాలుగు పాఠాల్లో ఒక్కో పాఠం నుంచి రెండేసి లెక్కలు ఇచ్చాను. పుస్తకం చూడకూడదు, నన్ను అడగకూడదు. అరుగు మీద కూర్చుని మధ్యాహ్నం మూడు దాకా చేసింది. మధ్యలో శోభ వచ్చి మా ముగ్గురికీ అన్నం పెట్టింది. మొగిలి కాక అన్నం తినేటప్పుడు కూడా పిల్ల చేతి వైపే చూస్తున్నాడు.

మూడు పాఠాలు ఖంగుమన్నాయి. ఐదు పాఠాల్లో సగం దాకా వచ్చి ఆగిపోయింది. దత్తాంశాల సగటు, మధ్యగతం, శ్రేఢులు, రెండు చరరాశుల సమీకరణాల గ్రాఫు, ఇలాంటివి. మిగతా ఆరు పూర్తిగా డొల్ల.

"సరే, డొల్ల పాఠాలతోని మొదలువెట్టు," అన్నాను.

యమున తల ఊపలేదు. ఆ పిల్ల నా మాటకు తల ఊపకపోవడం అదే మొదలు. కాసేపు వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది. "వద్దు టీచర్. సగం వచ్చినవి ఐదు ముందుగాల చేస్త. గవి జల్ది గట్టివడుతయ్. డొల్ల ఆరింట్ల త్రికోణమితి, వర్గ సమీకరణాలు రెండు పట్టుకుంట. మిగిలిన నాలుగు వదిలిపెడుత."

"వదిలిపెడుతవా? సరూప త్రిభుజాలు వదిలిపెడుతవా?" గుసగుస సంగతి మరిచిపోయి అరిచాను. లోపల రాజం అటు నుంచి ఇటు దొర్లాడు. సరూప త్రిభుజాలంటే నాకు ప్రాణం. ఆ సిద్ధాంతం చెప్పే రోజు మంచి చీర కట్టుకుని బడికి పోతాను.

మొగిలి కాక అడ్డం వచ్చాడు. "కప్పు మరీ ఖరాబుంటె మేము గూడ గంతే. కంచె వేసి, ఎవలు పోవద్దని రాసి, పక్క జాగల పని చేస్తం. నెల దినాలల్ల బాయంత బాగు చేస్తమా?"

పిండి కొద్దీ రొట్టె అన్నారు. నా దగ్గర పిండి లేకపోయినా రొట్టె మాత్రం పెద్దది కావాలని కూర్చున్నాను. చివరికి ఒక్క షరతు పెట్టి ఒప్పుకున్నాను. పార్ట్ బిలో ఇరవై మార్కులకు బిట్లు ఉంటాయి, అవి అన్ని పాఠాల నుంచీ వస్తాయి. కాబట్టి వదిలేసిన నాలుగు పాఠాల్లో పెద్ద లెక్కలు వదిలినా బిట్లు మాత్రం చూడాలి. యమున దానికి వెంటనే సరేనంది. మంచి సలహాను అహం అడ్డు పెట్టుకుని వదులుకునే రకం కాదు, నాలాగా.

ఇక నెల ప్లాను రాద్దామని పెన్ను తీశాను. యమున నా చేతిలోంచి పెన్ను తీసుకుంది. "నేనే రాస్కుంట టీచర్." గోడ మీది క్యాలెండర్ దింపి ఒళ్లో పెట్టుకుంది.

ముందు షిఫ్టులు చూసింది. మొదటి షిఫ్టు వారం రాజం పొద్దున ఆరింటికి బయలుదేరుతాడు కాబట్టి శోభ నాలుగున్నరకే లేచి పొయ్యి వెలిగిస్తుంది. ఎలాగూ లైటు వేసి ఉంటుంది, ఆ వారం తెల్లవారుజామున లెక్కలు. రెండో షిఫ్టు వారం ఆయన సాయంత్రం ఇంట్లో ఉండడు, టీవీ మోగదు. ఆ వారం సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా లెక్కలు, తొమ్మిదిన్నరకు నిద్ర, పొద్దున ఆరు దాకా లేచేది లేదు. నైటు వారం ఆయన పగలు పడుకుంటాడు, బిట్లూ సూత్రాలూ పైకి చదవాలంటే బడి అయ్యాక వరండాలో కూర్చోవాలి. తర్వాత పరీక్షల తేదీలు రాసింది. తెలుగు, హిందీ, ఇంగ్లిషు అయ్యాకే లెక్కలు. పేపరుకూ పేపరుకూ మధ్య నాలుగేసి రోజులున్నాయి. చాలామంది పిల్లలు ఇక్కడే బోల్తా పడతారు. భాషల పేపర్లు అయ్యేదాకా లెక్కలు మూసేసి, ఇంగ్లిషుకూ లెక్కలకూ మధ్య ఉన్న నాలుగు రోజుల్లో చదివేద్దామనుకుంటారు. యమున హిందీ పరీక్ష రోజున కూడా రెండు లెక్కలు అని రాసింది. ఇరవై ఒకటి తర్వాత కొత్త పాఠం లేదు, పాత ప్రశ్నపత్రాలే అని రాసింది. తాళం వేసినట్టు ఇరవై ఒకటి కింద రెండు గీతలు గీసింది.

ఆదివారాలన్నీ ఖాళీగా వదిలింది. నేను ఊరుకుంటానా? "నెలల మూడు ఆదివారాలు దండగనా?"

"దండుగ కాదు టీచర్. మా ఇంట్ల దినాలు తప్పిపోకుంట ఉండయ్. తప్పినయి యాడ వెట్టుకోవాలె? మల్ల మొదటికి పోవద్దు గదా."

ఎవరు నేర్పారు ఆ పిల్లకు? నేనైతే కాదు. తాత కూడా కాదు. తొమ్మిదిసార్లు మొదటికి పోయిన మనిషికే ఆ ఆదివారం విలువ తెలుస్తుంది. నాకు ముచ్చటేసింది. పైకి మాత్రం, "సూద్దాం తియ్," అని వచ్చేశాను.

నెల ఎలా గడిచిందో వివరంగా చెప్పను, ఎందుకంటే చెప్పడానికి గొప్పగా ఏమీ జరగలేదు. అదే అందులో గొప్ప. కన్నీళ్లు లేవు, శపథాలు లేవు. ప్రతి శనివారం నేనొక పాత పేపరు ఇచ్చేదాన్ని, మూడు గంటలు కూర్చుని రాసేది. మొదటి శనివారం పంతొమ్మిది. రెండోసారి ఇరవై ఆరు. మూడోసారి ఇరవై మూడుకు దిగింది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. "తగ్గినవ్!" అన్నాను. ఆ పిల్ల పేపరంతా తిరగేసి, తప్పుల పక్కన చుక్కలు పెట్టుకుంది. "శ్రేఢులు వదులయినయ్ టీచర్. రేపు ఆదివారమే గదా," అంది. మళ్లీ వాస్తవ సంఖ్యల నుంచి మొదలుపెట్టలేదు. శ్రేఢులు ఒక్కటే బాగు చేసుకుని సోమవారం క్యాలెండర్‌లో ఏముందో అక్కడికి పోయింది.

తెలుగు అయింది. హిందీ అయింది. ఇరవై ఒకటో తారీఖు సాయంత్రం శోభ నుంచి ఫోను. 

"టీచర్, కొంప మునిగింది. వచ్చేవారం వీళ్ల నాన్నకు మొదటి షిఫ్టుండె. ఎవలో డ్రైవరుకు పాణం బాగలేదట, కాంట్రాక్టరు రెండో షిఫ్టుకు రమ్మన్నడు. లెక్కల పరీక్ష వారమంత రెండో షిఫ్టే!"

ప్రీ ఫైనల్ వారమే మళ్లీ వచ్చి ఎదురుగా నిలబడ్డట్టయింది.  పిల్లను మా ఇంటికి పంపమందామనుకుంటూనే స్కూటీ తీశాను. వెళ్లేసరికి ఇంట్లో ఎవరూ ఏడవడం లేదు. క్యాలెండర్ కింద దింపి ఉంది. యమున తెల్లవారుజామున అని రాసుకున్నచోట కొట్టేసి, పొద్దున తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర అని రాస్తోంది. అసలు పరీక్ష టైము అది.

"కొత్త పాఠాలేం లేవు టీచర్, పాత పేపర్లే. తెల్లారి కాకుంటె పొద్దుగాల బళ్లె రాస్త. మీరు ఉంటరా?"

"ఉంట. నిద్ర సంగతేంది?"

అప్పుడు గోడకానుకుని కూర్చున్న రాజం నోరు విప్పాడు. అన్నాళ్లలో ఆయన మెలకువగా ఉండగా చూడడం అదే మొదటిసారి. బక్కగా ఉన్నాడు, కళ్ల చుట్టూ దుమ్ము ఇంకా పోలేదు.

"నాకు రెండు డబ్బలు కట్టమని చెప్పిన టీచర్. రాత్రి బువ్వ గూడ పని కాడనే తింట. ఇంటికచ్చి లైటెయ్య. ఈ అరుగు మీదనే పండుకుంట. లోపలికే రాను."

"దోమలు పీక్క తింటయ్," అంది శోభ.

"ఆరు దినాలే గదా," అన్నాడాయన.  ఎనిమిది గంటలు ట్యాంకరు నడిపి వచ్చిన మనిషి తన ఇంటి బయట దొంగలా చప్పుడు కాకుండా పడుకుంటానంటున్నాడు. నాకు దుఃఖం వచ్చింది. మంచినీళ్లడిగి తాగి, అది దిగమింగుకున్నాను.

ఇంగ్లిషు పరీక్ష అయ్యాక నాలుగు రోజులూ పొద్దున తొమ్మిదిన్నరకు యమున బళ్లో ఉంది. ఎదురుగా నేనున్నాను. రాసేది, నేను దిద్దేదాన్ని, తప్పులు సరిచేసుకునేది, సాయంత్రం బిట్లు చూసుకుని తొమ్మిదిన్నరకు పడుకునేది. ఇరవై ఏడున, పరీక్షకు ముందు రోజు, ముప్పై ఎనిమిది వచ్చాయి. నాకు ఆశ పుట్టింది. "ఇంకా పొద్దున్నది గదా, సరూప త్రిభుజాల సిద్ధాంతం ఒక్కటి చెప్పనా? పక్కా అస్తది," అన్నాను.

"వద్దు టీచర్. కొత్తది ఇప్పుడు వడితె పాతయి వదులైతయ్," అని పుస్తకాలు సర్దుకుంది. పదహారేళ్లు నిండని పిల్ల. ఆ నిబ్బరం నాకు యాభైకి దగ్గరపడ్డా లేదు.

పరీక్ష రోజు కేంద్రం ఎదురుగా రోడ్డవతల చాయ్ బండి దగ్గర నిలబడ్డాను. నాలుగు చాయ్‌లు తాగాను. పన్నెండున్నరకు పిల్లలు బయటికొచ్చారు. సగం మంది ఏడుస్తున్నారు, సగం మంది జవాబులు పోల్చుకుంటున్నారు. యమున నెమ్మదిగా వచ్చింది.

"ఎట్ల రాసినవే?"

"కంచె వేసినయి రెండు వచ్చినయ్, వదిలిన. మిగిలినయన్ని రాసిన. గ్రాఫు రెండుసార్లు చూస్కున్న." ఒక్క క్షణం ఆగి, "నిద్ర రాలె టీచర్," అంది.

నేను అక్కడే, రోడ్డు మీదే, ఆ పిల్లను దగ్గరికి లాక్కున్నాను. సైరన్ ఏడుస్తోందని ఎవరైనా అనుకుంటే అనుకోనీ. మార్కులు లెక్కేద్దామని పేపరు అడిగితే మాత్రం ఇవ్వలేదు. ఇంటికి పోయి అన్నం తిని పడుకుంటానని, సాయంత్రం నుంచి ఫిజికల్ సైన్సు ఉందని చెప్పింది.

ఫలితాలొచ్చిన రోజు బళ్లో కంప్యూటర్ ముందు నేనే కూర్చున్నాను. యమున నంబరే ముందు కొట్టాను. అన్నీ పాస్. లెక్కల్లో రాతపరీక్షకు నలభై ఆరు. మూడుసార్లు చూశాను, ఈసారి కూడా నంబరు మారలేదు. శోభకు ఫోన్ చేశాను. దుకాణంలో బేరాల గోల వినిపిస్తోంది. పాసయిందని చెప్పాను. ఆమె ఫోన్ పక్కకు పెట్టకుండానే గట్టిగా, "సేటూ, నీకు ఇంకో పిల్లను చూస్కో! మా బిడ్డ కాలేజీకి పోతది!" అని అరిచింది. నా చెవి గింగురుమంది. నాకంటే పెద్ద సైరన్ ఆమె దగ్గరుందని ఆ రోజే తెలిసింది.

జూన్‌లో యమున టీసీ కోసం బడికొచ్చింది. నేను ముందే సిద్ధంగా ఉన్నాను. "నీ క్యాలెండర్ తెచ్చినవా? జిరాక్సు తీపిచ్చి ఈసారి పదో తరగతోళ్లందరికి పంచుత. నా టైంటేబుల్ చింపేసిన."

ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది. నిజం, జాలిగానే.

"అది మా ఇంటిది టీచర్. వాళ్లకెట్ల పనికస్తది? ముందుగాల వాళ్లింట్ల ఎవలు ఎప్పుడు పండుకుంటరో అడుగుండ్రి."

ఇంతకాలం నేను పిల్లల్ని ఎన్ని అడిగాను! ఎందుకు రాలేదని, ఎందుకు రాయలేదని, సిగ్గుందా అని. ఈ ఒక్కటీ ఎవర్నీ అడగలేదు.

మర్నాడు కొత్త పదో తరగతికి వెళ్లాను. సైరన్ వచ్చిందని అందరూ పుస్తకాలు తెరిచారు. మూయమన్నాను. మొదటి బెంచీలో రెండు జడల పిల్ల, సంతోషి అట, దగ్గరికి వెళ్లి నాకు చేతనైనంత మెల్లగా అడిగాను, "మీ ఇంట్ల ఎవలు ఎప్పుడు పండుకుంటరు బిడ్డా?"

ఆ పిల్ల భయపడింది. తప్పు చేశానేమోనన్నట్టు పక్కపిల్లను చూసింది. తర్వాత లేచి నిలబడింది.

"మా అమ్మది దవాఖాన్ల నైటు డ్యూటీ టీచర్. రాత్రి తమ్మునికి జరమొస్తె నేనే లేస్త. గందుకే పొద్దుగాల క్లాసుల నిద్రొస్తది," అంది.

క్లాసులో ఒక్కరూ నవ్వలేదు. నేను కుర్చీ లాక్కుని ఆ పిల్ల పక్కన కూర్చున్నాను.